ఉపాధి హామీ: దానంతటదే కదిలే ఖర్చా, సర్కారు తలిస్తేనే కదిలే ఖర్చా?

ప్రశ్న: "టెక్కలిలో ఉండి గ్రూప్-1కి చదువుతున్నాను. ఒక నోట్సులో ఉపాధి హామీని ఆటోమేటిక్ స్టెబిలైజర్ అన్నారు, ఇంకో దాంట్లో డిస్క్రిషనరీ ఖర్చు అన్నారు. ఏది రాయాలి? టైమ్ ల్యాగ్స్ కూడా మన వైపు ఉదాహరణతో చెబితే గుర్తుంటుంది."

రెండు నోట్సులూ సగం సగం కరెక్టే. చిక్కంతా పథకం పేరు పట్టుకుని తేల్చబోవడంలో ఉంది. పేరు వదిలేసి, అందులో ఏ రూపాయి ఎలా కదిలిందో చూడండి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: జనం ఆదాయం పడిపోయినప్పుడు ఆ రూపాయి బయటకు రావాలంటే ఎవరైనా కొత్తగా ఓ జీవో మీద సంతకం పెట్టాలా? అక్కర్లేదు, ముందే రాసిపెట్టిన చట్టం ప్రకారం వచ్చేస్తుంది అంటే అది ఆటోమేటిక్ స్టెబిలైజర్, తెలుగు అకాడమీ భాషలో స్వయంచాలక స్థిరీకరణ సాధనం. మంత్రివర్గం కూర్చోవాలి, శాసనసభ ఒప్పుకోవాలి అంటే అది డిస్క్రిషనరీ, అంటే విచక్షణతో కూడిన కోశ విధానం. ఉపాధి హామీలో ఈ రెండు రకాల రూపాయలూ ఉన్నాయి.

ముందు పన్నుల వైపు నుంచి మొదలుపెడదాం, అక్కడ విషయం తేటగా కనిపిస్తుంది. పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకరున్నారనుకోండి. ఏడాదికి 20 లక్షలు లాభం వస్తుందని ఆయన లెక్క. 2025-26 కొత్త పన్ను విధానం శ్లాబుల ప్రకారం, సెస్సు పక్కన పెడితే, దాని మీద పన్ను 2 లక్షలు. ముందస్తు పన్ను కాబట్టి విడతలుగా కడతారు: జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి మొత్తం 45 శాతం, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి నూరు. అంటే సెప్టెంబర్ నాటికి 90 వేలు కట్టేశారు. అక్టోబరులో ఆర్డర్లు పడిపోయాయి. ఏడాది లాభం 14 లక్షలు దాటదని తేలింది. 14 లక్షల మీద పన్ను 90 వేలే. అది కట్టేసి ఉన్నారు గనక డిసెంబరు విడత 60 వేలూ, మార్చి విడత 50 వేలూ ఇక కట్టక్కర్లేదు.

లాభం 30 శాతం తగ్గితే పన్ను 55 శాతం తగ్గింది. పోయిన 6 లక్షల్లో 1 లక్షా 10 వేల దెబ్బ ఖజానా భరించింది, ఆయన చేతిలోంచి పోయింది 4 లక్షలా 90 వేలే. శ్లాబులు మెట్లుమెట్లుగా ఉండటం వల్లే ఇది సాధ్యం. ఇక సమయం సంగతి చూడండి. రిటర్ను దాఖలు చేసేదాకా ఆగలేదు, దెబ్బ తగిలిన రెండు నెలల్లోనే ఆ డబ్బు ఆయన దగ్గర మిగిలింది. ఢిల్లీలో ఎవరికీ పలాసలో ఆర్డర్లు తగ్గాయని తెలియనక్కర్లేదు, ఎవరూ ఏమీ ప్రకటించనక్కర్లేదు. వ్యాపారం మళ్లీ పుంజుకుంటే అదే మెట్ల మీదుగా పన్ను పైకి పోతుంది. ఈ రెండో సగాన్ని చాలామంది జవాబుల్లో రాయరు. మంచి రోజుల్లో దానంతటదే వెనక్కి లాగేది గనకే దాన్ని స్టెబిలైజర్ అన్నారు.

అయితే ఇది పన్ను కట్టేవాళ్లకే. అదే కార్ఖానాలో జీడిగింజలు ఒలిచే ఆవిడ ఆదాయపు పన్ను కట్టదు, కాబట్టి ఆవిడకు తగ్గే పన్నూ లేదు. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటివాళ్లకు నిరుద్యోగ భృతి ఉంటుంది. మనకు దానికి దగ్గరగా ఉన్నది ఈఎస్ఐ పరిధిలోని అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఉద్యోగం పోయినవాళ్లకు 2020 సడలింపు ప్రకారం సగటు వేతనంలో 50 శాతం, గరిష్ఠంగా 90 రోజులపాటు ఇస్తారు. కానీ లాకౌట్ కాలానికి అది వర్తించదు. విజయనగరం వైపు జూట్ మిల్లు కార్మికుడికి పని పోయేది ఎక్కువగా లాకౌట్ బోర్డు వేలాడినప్పుడే కదా, ఆ రోజుకే ఆ భృతి పనికిరాదు. అసంఘటిత కూలీకి అదీ లేదు. అందువల్ల మన దగ్గర ఆ బరువంతా ఉపాధి హామీ మీద పడింది.

మన ఊళ్లలో ఇప్పటికీ కరువు పనులు అనే అంటారు. ఆ పేరులోనే తేడా దాగుంది. పాత కరువు పనులు సర్కారు కరువు ప్రకటిస్తేనే తెరుచుకునేవి, అది పూర్తిగా విచక్షణ. 2005 చట్టం దాన్ని తిరగేసింది. జాబ్ కార్డు ఉన్న కుటుంబం పని అడిగితే 15 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతు, తర్వాత సగం, భృతిగా ఇవ్వాలి. విజయనగరం 2006లోనే మొదటి విడత 200 జిల్లాల్లో చేరింది, శ్రీకాకుళానికి మరుసటి ఏడాది వచ్చింది. (2025 చివర్లో ఈ చట్టం మారింది, ఆ సంగతి చివర చెప్తాను. పని తీరు అర్థం కావాలంటే పాతదే చూడాలి.)

ఇప్పుడు లెక్క వేద్దాం. టెక్కలి చుట్టుపక్కల ఒక పంచాయతీ అనుకోండి. హైదరాబాదులో భవన నిర్మాణం పడకేసి 60 కుటుంబాలు ఊరికి తిరిగొచ్చాయి, ఇంటికి ఇద్దరు పనిచేసేవాళ్లు. 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. మట్టి కొలతను బట్టి కడతారు కాబట్టి చేతికి వచ్చేది అంతకంటే తక్కువ ఉంటుంది, 270 అనుకుందాం. 120 మంది వారానికి 6 రోజులు చేస్తే 1,94,400 రూపాయలు ఆ ఒక్క ఊరికి వస్తాయి. ఈ ఖర్చు కోసం ఏ ప్యాకేజీ అక్కర్లేదు, 60 దరఖాస్తులు చాలు.

ఆ డబ్బు ఎప్పుడు చేతికి అందుతుందో చూడండి. ఊళ్లో బస్సు దిగిన మూడో రోజున ఫీల్డ్ అసిస్టెంటుకి దరఖాస్తు ఇచ్చారు. పదో రోజున చెరువు పూడికతీతలో పని దొరికింది. పదహారో రోజుకి మస్టరు ముగిసింది. టెక్నికల్ అసిస్టెంటు కొలతలు తీసి ఎం-బుక్కులో ఎక్కించాలి, వేతన జాబితా తయారవ్వాలి, రెండు డిజిటల్ సంతకాలతో నిధుల బదిలీ ఉత్తర్వు, అందరూ ఎఫ్‌టీవో అనేది, వెళ్లాలి. ఇది మస్టరు ముగిసిన 8 రోజుల్లో కావాలి. అక్కడి నుంచి కేంద్రం ఖాతాల్లో వెయ్యాలి. మొత్తం 15 రోజులు దాటకూడదు, దాటితే రోజుకి 0.05 శాతం పరిహారం. అన్నీ సవ్యంగా జరిగితే బస్సు దిగిన రోజు నుంచి సుమారు 31వ రోజుకి మొదటి వారం కూలి బ్యాంకులో పడుతుంది.

ల్యాగులు నాలుగు. మందగమనం వచ్చిందని తెలుసుకునేదాకా గుర్తింపు జాప్యం, ఏం చెయ్యాలో తేల్చేదాకా నిర్ణయ జాప్యం, డబ్బు బయటకు వచ్చేదాకా అమలు జాప్యం, ఆ డబ్బు కొట్లూ సంతలూ తిరిగి గిరాకీగా మారేదాకా ప్రభావ జాప్యం. మొదటి మూడింటినీ లోపలి జాప్యం అంటారు, చివరిదాన్ని బయటి జాప్యం. పై లెక్కలో మొదటి రెండూ సున్నా. గుర్తించేది పని పోయినవాడే, నిర్ణయం చట్టంలోనే ఉంది. మిగిలింది అమలు జాప్యం, సుమారు ఒక నెల. ఆటోమేటిక్ అంటే జాప్యమే లేదని రాస్తే తప్పు, మార్కులు పోయేది అక్కడే. ప్రభావ జాప్యం కూడా తక్కువే, ఎందుకంటే ఆ కూలి బియ్యానికీ, కిరాణా బాకీకీ ఆ వారంలోనే ఖర్చయిపోతుంది.

ఇది ఎక్కడ ఆగిపోతుందో కూడా చూడాలి. 100 రోజులు కుటుంబానికి, మనిషికి కాదు. ఇద్దరూ వారంలో ఆరేసి రోజులు వెళ్తే వారానికి 12 రోజులు కరిగిపోతాయి, తొమ్మిదో వారం మధ్యలోనే కోటా అయిపోతుంది. ఆ 60 కుటుంబాలకూ కలిపి వచ్చేది గరిష్ఠంగా 16 లక్షలా 20 వేలు. మందగమనం పది నెలలున్నా అంతే. కరువు, తుపాను లాంటి విపత్తు ప్రాంతాల్లో మరో 50 రోజులు ఇవ్వొచ్చు గానీ దానికి కేంద్రం అనుమతి కావాలి. అంటే 100వ రోజు వరకు ఆటోమేటిక్, 101వ రోజు నుంచి విచక్షణ. ఒకే పథకంలో రెండు రకాల రూపాయలు అన్నది ఇందుకే.

ఇంకో తిరకాసు ఉంది. కూలి డబ్బు కేంద్రానిది, పని ఇవ్వకపోతే కట్టాల్సిన భృతి మాత్రం రాష్ట్రానిది. రాష్ట్రం పని చూపించడానికి పరుగెడుతుందని చట్టం రాసినవాళ్ల ఆలోచన. ఆచరణలో తేలికైన దారి ఇంకోటుంది: పని అడిగినట్టే నమోదు చెయ్యకపోవడం. తేదీ వేసిన రసీదు చేతికి ఇవ్వకపోతే 15 రోజుల గడియారమే మొదలవదు. రికార్డులో గిరాకీ తక్కువగా కనిపిస్తుంది, ఊళ్లో జనం మాత్రం ఖాళీగా ఉంటారు. ఆర్థిక సంవత్సరం చివర్లో నిధులు అయిపోయినప్పుడూ ఇదే జరుగుతుంది. ఎఫ్‌టీవోలు వెళ్లిపోయి ఉంటాయి, ఖాతాలో డబ్బు పడదు, రెండు నెలలు చూసి జనం పనికి రావడం మానేస్తారు. పని అడిగేవాళ్లు తగ్గారని గణాంకం చెబుతుంది. అది నిజమో కాదో తెలుసుకోవాలంటే అదే నెలల్లో పెండింగులో ఉన్న ఎఫ్‌టీవోలు పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకేసారి కదిలితే పడింది గిరాకీ కాదు, చెల్లింపు.

ఇక విచక్షణ వైపు. జులైలో మందగమనం మొదలైందనుకోండి. జులై-సెప్టెంబర్ త్రైమాసికం జీడీపీ అంకెలు వచ్చేది నవంబర్ చివర. అంటే గుర్తించడానికే అయిదు నెలలు. ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్, మార్చిలోగా రాష్ట్ర బడ్జెట్, గ్రామీణ రోడ్లకు అదనంగా డబ్బు ఇచ్చారు. నిర్ణయానికి ఇంకో మూడు నాలుగు నెలలు. అప్పుడు అసలు పని మొదలు: ఇంజినీరు అంచనా వెయ్యాలి, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు. ఎంత తొందర పడినా మే నెల దాటుతుంది. జూన్‌లో వానలు. మన జిల్లాల్లో అక్టోబరు దాకా మట్టి పనికి తెరిపి ఉండదు, అక్టోబరే తుపాన్ల నెల కూడా. 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ మూడూ ఆ నెలలోనే తీరం దాటాయి. రోలరు కదిలేసరికి నవంబర్. అంటే మందగమనం మొదలైన పదహారు నెలలకు. ఈలోగా వ్యాపారాలు కోలుకుని ఉంటే, పనివాళ్లూ ఇసుకా కంకరా ఇప్పటికే గిరాకీలో ఉన్నప్పుడు సర్కారు కూడా అదే బజారుకి వస్తుంది. ఆదుకోవాల్సిన డబ్బు ధరలు పెంచే డబ్బు అవుతుంది. ఆలస్యమైన విచక్షణ ఊగిసలాటను తగ్గించకపోగా పెంచుతుందని పాఠ్యపుస్తకం అనేది ఈ పరిస్థితినే.

విచక్షణ చర్యలన్నీ ఇంత నెమ్మది కాదు. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది, డిసెంబర్ 7న మన కేంద్రం ఎక్సైజ్ సుంకం 4 శాతం పాయింట్లు తగ్గించింది. మూడు నెలలు కూడా పట్టలేదు, ఎందుకంటే సుంకం రేటుకి నోటిఫికేషన్ చాలు. 2009 జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, మరో రెండు ప్యాకేజీలు వచ్చాయి. కేంద్ర ద్రవ్య లోటు 2007-08లో జీడీపీలో సుమారు 2.5 శాతం ఉన్నది 2008-09కి 6కి, 2009-10కి దాదాపు 6.5కి పోయింది. సరదా ఏమిటంటే ఆ పెరుగుదలలో పెద్ద ముక్కలు సంక్షోభం కోసం చేసినవి కావు. రైతు రుణమాఫీ 2008 ఫిబ్రవరి బడ్జెట్‌లోనే ప్రకటించారు, అప్పటికి లేమన్ ఇంకా నిలబడే ఉంది. ఆరో వేతన సంఘం బకాయిలు కూడా అదే సమయానికి వచ్చిపడ్డాయి. అనుకోకుండా కుదిరిన సమయాన్ని ముందుచూపుగా రాయకండి.

2008 ఉదాహరణ నిజంగా నేర్పేది వెనక్కి తీసుకోవడంలోని జాప్యం. వృద్ధి 2009-10లోనే కోలుకుంది. తగ్గించిన సుంకాన్ని కొంత పెంచింది 2010 ఫిబ్రవరి బడ్జెట్‌లో, 8 నుంచి 10కి. ఇవ్వడానికి మూడు నెలలు చాలింది, కొంత వెనక్కి తీసుకోవడానికే పద్నాలుగు నెలలు పట్టింది. అప్పటికి ధరలు బాగా పెరిగిపోయాయి. పలాస వ్యాపారి పన్ను ఎవరూ అడగకుండానే తిరిగి పెరుగుతుంది, సుంకం అలా పెరగదు, ఎవరో ఒకరు నిలబడి పెంచుతున్నామని చెప్పాలి.

2020లో రెండూ ఒకే పథకంలో పక్కపక్కన కనిపిస్తాయి, మీ జవాబుకి ఇదే సరైన ఉదాహరణ. మార్చి 25న లాక్‌డౌన్. గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్లిన మన తీరం మత్స్యకారులు, నగరాల్లో కూలీలు ఏప్రిల్, మే నెలల్లో ఇళ్లకు చేరారు. పని అడిగే హక్కు చట్టంలో ఉంది, కానీ పనులకు సడలింపు వచ్చింది ఏప్రిల్ 20 నుంచి. అంటే ఆటోమేటిక్ యంత్రానికి కూడా పరిపాలనా ఉత్తర్వు అడ్డుకట్ట వెయ్యగలదు. ఆ తర్వాత దరఖాస్తులు వెల్లువెత్తాయి. దేశం మొత్తం మీద 2019-20లో సుమారు 265 కోట్ల పనిదినాలు కాగా 2020-21లో 389 కోట్లు. ఈ గిరాకీ ఆటోమేటిక్. బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లు దానికి చాలవు. మే 17న ప్రకటించిన అదనపు 40,000 కోట్లు విచక్షణ. అది రాకపోతే ఎఫ్‌టీవోలు పెండింగులో పడేవి. హక్కు ఆటోమేటిక్, దాని వెనకున్న నగదు కాదు.

లాక్‌డౌన్ మొదలైన మర్నాడు, మార్చి 26న, కేంద్రం ప్రకటించిన ప్యాకేజీలో ఉపాధి కూలి పెంచామని కూడా చెప్పారు. మన రాష్ట్రంలో 211 నుంచి 237 అయింది. కూలి రేటు ప్రతి ఏప్రిల్‌లోనూ వ్యవసాయ కార్మికుల ధరల సూచీని బట్టి సవరిస్తారు, కాబట్టి దాన్ని సంక్షోభ సాయం ఖాతాలో పూర్తిగా వెయ్యలేం. జన్‌ధన్ మహిళల ఖాతాల్లో నెలకు 500 మాత్రం అచ్చమైన విచక్షణ: మార్చి 26న ప్రకటన, ఏప్రిల్ 3 నుంచి జమ. అమలు జాప్యం వారం రోజులే. ఖాతాలు ముందే తెరిచి ఉండటం వల్ల కాలువ తవ్వే పని లేకుండా నీళ్లు వదిలారు. రోడ్డు పనికి కాలువ తవ్వకమే ఎనిమిది నెలలు.

ఇప్పుడు చట్టం మారిన సంగతి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ చట్టం 100 రోజులను 125 చేసింది. రోజులు పెరిగాయి కదా, స్టెబిలైజర్ బలపడిందని రాసేస్తారేమో, తొందరపడకండి. ఒక్కో రాష్ట్రానికి కేంద్రం ముందే ఏడాది కేటాయింపు నిర్ణయిస్తుంది, దాన్ని మించిన ఖర్చు రాష్ట్రమే పెట్టుకోవాలి. కేటాయింపు లోపల కూడా మన లాంటి రాష్ట్రాలు 40 శాతం భరించాలి. నాట్లు, కోతల కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు పనులు ఆపే వీలుంది. అంటే ఆ 60 కుటుంబాలు జులైలో, నాట్ల విరామంలో, ఊరికి తిరిగొస్తే దరఖాస్తు పెట్టినా పని తెరుచుకోకపోవచ్చు.

రాష్ట్రం దగ్గర డబ్బు ఎప్పుడు తక్కువగా ఉంటుందో ఆలోచించండి. మందగమనంలో జీఎస్టీ, స్టాంపు రుసుములు పడిపోతాయి. అప్పు చేద్దామంటే పరిమితి మామూలుగా రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం దగ్గర ఉంటుంది. 2020-21లో దాన్ని 5 శాతానికి పెంచారు, అదీ కేంద్రం విచక్షణే, అందులో కొంత భాగానికి షరతులూ పెట్టారు. పనికి గిరాకీ పెరిగేదీ, రాష్ట్రం చెయ్యి బిగుసుకునేదీ ఒకే నెలల్లో. పాత చట్టంలో కేటాయింపు దాటిన దరఖాస్తు బిల్లు ఢిల్లీకి పోయేది, ఇప్పుడు అమరావతికి వస్తుంది. కాబట్టి జవాబులో 2005 చట్టం గురించి రాసేటప్పుడు 100 రోజుల వరకు ఆటోమేటిక్ అని ధైర్యంగా రాయండి. కొత్త చట్టం గురించి అడిగితే గీత రోజుల దగ్గర గీయకండి, కేటాయింపు అయిపోయే దగ్గర గీయండి.